మొదటి బైక్: 125, 160, 350లో ఏది?

"రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు, నెలకోసారి విజయవాడ. మొదటి బైక్. 125 చాలా, 350కి వెళ్లాలా?"

మీకు 160 సరిపోతుందండీ. 125 సిటీలో బంగారమే, హైవే మీద 80 దాకా హాయిగా పోతుంది. చిక్కు ఓవర్‌టేక్ దగ్గర. 70లో పోతున్న లారీని దాటాలంటే 90 అందుకోవాలి. దాదాపు 11 హార్స్‌పవర్‌తో, వెనక మనిషి, ఎదురుగాలి ఉంటే ఆ వేగం రావడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ లారీ పక్కనే ఉండిపోతారు. 160లో 15-17 ఉంటుంది కాబట్టి 80 మీద కూడా కొంత శక్తి మిగులుతుంది. పైగా 125 సీసీ దాటిన కొత్త బళ్లకు, గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి, వానలో అది చాలా ముఖ్యం.

350 బరువు 180 కిలోల పైనే. నెలలో ఒక్కరోజు హైవే సుఖం కోసం మిగతా రోజులన్నీ ట్రాఫిక్‌లో ఆ బరువు మోయాలి, అందుకే మొదటి బండిగా వద్దంటాను.

టెస్ట్ రైడ్‌లో ఖాళీ రోడ్డు చూసి, టాప్ గేర్‌లో 60 దగ్గర యాక్సిలరేటర్ తిప్పండి. గేర్ దించకుండా 80కి సాఫీగా లాగాలి. హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ జివ్వుమంటే గంటలో చేతులు తిమ్మిరెక్కుతాయి. ఆ మోడల్ వదిలేసి మరో 160 నడిపి చూడండి.