పత్తి ఏరే కూలీల కొరత, మిగులు శ్రమ

"అన్నా, మా నర్సంపేట దిక్కు పత్తి ఏరడానికి కూలీలే దొరకట్లేదు. మరి ఊళ్లలో అవసరానికి మించి పనివాళ్లుంటారని ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ చెప్పిన మిగులు శ్రమ ఎక్కడుంది?"

తమ్ముడూ, నువ్వు ఏరే నెలలనే చూస్తున్నావు. నాలుగెకరాల పత్తి, ఇంట్లో ఐదుగురు, దిగుబడి 30 క్వింటాళ్లు అనుకో. తలా 6 క్వింటాళ్ల వాటా. ఒకరు హైదరాబాద్ వెళ్లినా మిగతా నలుగురు కాస్త ఎక్కువ పనిచేసి అదే 30 తీస్తే, ఆ ఒక్కరి ఉపాంత ఉత్పత్తి, అంటే ఆ ఒక్కరి వల్ల అదనంగా వచ్చే దిగుబడి, సున్నా; మిగులు శ్రమంటే అదే. అయినా ఇంట్లో వాటా అందుతోంది కాబట్టి, పట్నం కూలీ ఆ 6 క్వింటాళ్ల విలువ కన్నా కొంత ఎక్కువుంటేనే కదులుతారు. 1954లో లూయిస్ చెప్పింది ఇదే.

కానీ ఏరేవాళ్లు తగ్గి, పగిలిన పత్తి చేనులోనే వానకు తడిస్తే, ఆ నెలలో మిగులు లేనట్టే. వేసవిలో మాత్రం ఉంటుంది. పేదరికపు ఉచ్చు బిగిసేది కూడా ఇక్కడే: ఏరుడు కోసం ఊళ్లో ఉండాలి, వేసవిలో పని ఉండదు, పట్నంలో గది అడ్వాన్స్‌కు చేతిలో డబ్బు మిగలదు.