CaCl2 ద్రావణానికి లిమిటింగ్ లా: టేబుల్‌తో కలిసిన 0.79 ఎందుకు తప్పు?

ప్రశ్న: 25 డిగ్రీల దగ్గర 0.005 మోలాల్ CaCl2 ద్రావణానికి డిబై-హుకెల్ లిమిటింగ్ లా వాడితే నాకు γ± 0.79 వచ్చింది. టేబుల్‌లో ప్రయోగ విలువ కూడా దాదాపు 0.785. కానీ మా సార్ 0.75 రావాలని కొట్టేశారు. టేబుల్‌తో కలుస్తున్న జవాబు తప్పెలా అవుతుంది?

జవాబు:

మీ సార్ చెప్పిందే సరైనది. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో నేనూ ఇదే ద్రావణానికి 0.79 తెచ్చి, టేబుల్‌తో కలిసిందన్న ధీమాతో రికార్డులో రాసేశాను. అందుకే మీరు ఎక్కడ జారారో ఆ అంకె చూడగానే తెలిసింది. అయానిక్ స్ట్రెంత్ కట్టేటప్పుడు ఆవేశాన్ని వర్గం చేయలేదు.

ముందు సరైన లెక్క చూద్దాం. ఒక CaCl2 నుంచి ఒక Ca²⁺, రెండు Cl⁻ వస్తాయి. కాబట్టి కాల్షియం 0.005, క్లోరైడ్ 0.010.

```
I = ½ (0.005 × 2² + 0.010 × 1²) = 0.015
log γ± = −0.509 × |2 × (−1)| × √0.015 = −0.1247
γ± = 0.75
```

2² బదులు ఉత్త 2 వేస్తే I విలువ 0.010 అవుతుంది, γ± 0.79 వస్తుంది. మీ అంకె అదే.

వర్గం ఎందుకంటే, ప్రతి అయాన్ ఆవేశం అక్కడ రెండుసార్లు పని చేస్తుంది. కాల్షియం అయాన్ రెట్టింపు ఆవేశంతో ఉంటుంది కాబట్టి పక్కనున్న అయాన్ దాన్ని రెట్టింపు బలంతో లాగుతుంది, లేదా నెడుతుంది. అలా చేరిన లేదా తగ్గిన ఒక్కో కాల్షియం మళ్లీ రెండు యూనిట్ల ఆవేశాన్ని మారుస్తుంది. రెండు రెళ్లు నాలుగు. ఈ కారణం అర్థమయ్యాక నేను మళ్లీ ఆ వర్గాన్ని మర్చిపోలేదు.

మరి తప్పు లెక్క టేబుల్‌తో ఎలా కలిసింది? లిమిటింగ్ లా అయాన్లను పరిమాణం లేని చుక్కలుగా అనుకుంటుంది. I = 0.015 దగ్గర అయాన్ చుట్టూ ఉండే వ్యతిరేక ఆవేశపు మేఘం మందం, అంటే డిబై పొడవు, 0.304/√I ప్రకారం దాదాపు 2.5 నానోమీటర్లు. అయాన్లు ఒకదానికొకటి రాగలిగే అతి దగ్గరి దూరం 0.45 నానోమీటర్ల దరిదాపుల్లో అనుకోండి. అది మేఘం మందంలో 18 శాతం. ఇంత ఉన్నప్పుడు దాన్ని సున్నా అనుకోవడం కుదరదు. నిజానికి అయాన్లు చుక్కలంత దగ్గరికి రాలేవు కాబట్టి, వాటి మధ్య ఆకర్షణ ప్రభావం లా చెప్పినంత ఉండదు. −0.1247 ని 1.18 తో భాగించండి, −0.1057 వస్తుంది, అంటే γ± 0.784. టేబుల్ విలువ ఇదే కదా! ఈ భాగహారమే విస్తరించిన డిబై-హుకెల్ సమీకరణం. అంటే లిమిటింగ్ లా γ± ని కొంత తక్కువగా చూపిస్తుంది, వర్గం మర్చిపోవడం దాన్ని కొంత పైకి లేపుతుంది. ఈ గాఢత దగ్గర ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి.

ఇది యాదృచ్ఛికమని తేల్చుకోవాలంటే ద్రావణాన్ని పలుచన చేసి చూడాలి. నా తప్పు బయటపడింది అక్కడే. 0.001 మోలాల్ దగ్గర సరైన లెక్కతో I = 0.003, γ± 0.88. మన పాత పద్ధతిలో 0.90. ప్రయోగ విలువ 0.888. ఇప్పుడు సరైన లెక్కే దగ్గరగా ఉంది. ఇంకా పలుచన చేసేకొద్దీ సరైన లెక్క ప్రయోగ విలువతో ఏకమవుతుంది, తప్పు లెక్క అవ్వదు. గ్రాఫ్ గీసే ఓపిక ఉంటే log γ± ని √m తో గీయండి. సున్నా వైపు వెళ్లేటప్పుడు వాలు −1.76 ఉండాలి. వర్గం మర్చిపోతే −1.44 వస్తుంది. ఈ లా గట్టిగా చెప్పేది ఆ వాలు గురించే కాబట్టి, దాన్ని పరీక్షించాల్సింది కూడా అక్కడే.

ఇంకో మాట. కొందరు అయాన్లకు విడివిడిగా లెక్క కట్టి సరిచూసుకుంటారు. Ca²⁺ కి 0.563, Cl⁻ కి 0.866 వస్తాయి. 0.563 × 0.866² కి ఘనమూలం తీస్తే 0.75. ఇది మంచి అలవాటే, కానీ ఫార్ములాలో |z₊z₋| వదిలేశారా అన్నది మాత్రమే దీనితో పట్టుబడుతుంది. I తప్పయితే రెండు దారుల్లోనూ అదే తప్పు I వెళ్తుంది కాబట్టి అంతా చక్కగా సరిపోయినట్టే కనిపిస్తుంది. నేను అప్పట్లో ఈ చెక్ కూడా చేశాను, అందుకే మరింత నమ్మేశాను.

జవాబు పత్రంలో 0.75 రాసి, పక్కన "I = 0.015, లిమిటింగ్ లా హద్దు దాటింది, అసలు విలువ దీనికన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది" అని ఒక వాక్యం చేర్చండి. 1:1 లవణాలకు I 0.01 వరకు ఈ లా పర్వాలేదు. CaCl2 లాంటి వాటికి నేనైతే 0.001 దాటితే అంకెను నమ్మను.