కుట్టు వచ్చా? అయితే ముందు ప్యాంట్ల అంచుల పని పట్టండి

భర్త ఉద్యోగం మీద కొత్తగా విదేశాలకి వచ్చిన ఆడవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. ఇంట్లో ఉండి ఏమైనా సంపాదించుకోవచ్చా, పెద్ద పెట్టుబడి పెట్టలేం, పిల్లలు స్కూలుకి వెళ్ళాక ఓ నాలుగు గంటలు దొరుకుతాయి, అంతే అంటారు. వండి అమ్మడం, పక్కవాళ్ళ పిల్లల్ని చూసుకోవడం అందరికీ వెంటనే తడతాయి. కానీ ఆ రెండింటికీ చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్లు, తనిఖీలు ఉంటాయి, అవి తెలుసుకుని పూర్తి చేసేసరికే నెలలు గడుస్తాయి. మీకు కుట్టు వస్తే మాత్రం నేను ఒకటే చెబుతాను: బట్టల ఆల్టరేషన్స్, అందులోనూ ముందు ప్యాంట్ల పొడవు తగ్గించడం.

అంతకంటే ముందు వీసా సంగతి చూసుకోండి, ఇందులో మొహమాటం వద్దు. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగుల భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్ళు ఈఏడీ అనే పని అనుమతి కార్డు చేతికి రాకుండా డబ్బు తీసుకుని పని చేయకూడదు. ఇంట్లో కూర్చుని చేసినా, ఆ డబ్బు ఇండియా ఖాతాలో వేయించుకున్నా అది పనే, ఎందుకంటే మీరు కూర్చుని చేసేది అమెరికాలోనే కదా. ఆ కార్డు కూడా హెచ్-4 వాళ్ళందరికీ రాదు, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటి ఉండాలి. భర్త కంపెనీ బదిలీ మీద వస్తే ఎల్-2 వీసాతో వచ్చిన భార్యలకి మాత్రం, దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డులో ఎల్-2ఎస్ అని ఉంటే విడిగా కార్డు అక్కర్లేదు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్ళ భార్యలు సొంతంగా పని చేసుకోవచ్చు. మిగతా దేశాల వాళ్ళు తమ పర్మిట్ మీద ఏం రాసి ఉందో చదువుకోండి, స్నేహితురాలు చేస్తోంది కదా అని మొదలుపెట్టకండి. ఆమెది మీ వీసాయే అయి ఉండాలని లేదు.

ఇక పని. కుట్టు వచ్చినవాళ్ళు సాధారణంగా కొత్తవి కుట్టిపెడతాం అంటూ మొదలుపెడతారు. కొత్తది కుట్టడమంటే కొలత, కటింగ్, గుడ్డ చెడితే ఎవరు భరించాలన్న గొడవ, రెండుసార్లు తొడిగి చూడటం అన్నీ ఉంటాయి, పైగా ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో రకం. ఆల్టరేషన్‌లో బట్ట తయారుగానే ఉంటుంది, ఎక్కడ ఎంత మార్చాలో ఒంటి మీదే పిన్ను పెట్టి చూస్తాం, పని గంటలో తేలిపోతుంది. రెడీమేడ్ ప్యాంట్లు పొడుగ్గా వస్తాయి, పొట్టిగా ఉన్నవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. మన వాళ్ళే కొనాలని లేదు కాబట్టి గిరాకీ కూడా విశాలం.

సామాను పెద్దగా అక్కర్లేదు. తిన్నటి కుట్టు, జిగ్‌జాగ్ కుట్టు వచ్చే మామూలు మిషన్ చాలు, ఓవర్‌లాక్ మిషన్ తర్వాత చూసుకోవచ్చు. ఇండియా నుంచి మోటార్ మిషన్ తెచ్చుకుందామనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, అమెరికా, కెనడాల్లో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ట్రాన్స్‌ఫార్మర్ తగిలించుకునే బాధ కంటే అక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవడం నయం. యూరప్‌లో అయితే వోల్టేజీ మనదే, ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. దీనికి తోడు ఆవిరి ఇస్త్రీ పెట్టె, పదునైన కత్తెర, కుట్లు విప్పే రిప్పర్, టేపు, పిన్నులు, చాక్. దారాలు నలుపు, నేవీ, ముదురు బూడిద, లేత గోధుమ రంగు ఉంటే సగం ప్యాంట్లకి సరిపోతాయి. సూదులు మామూలు గుడ్డకి 14 నంబరు, జీన్స్‌కి 16, సాగే గుడ్డకి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది. సాగే గుడ్డకి మామూలు సూది వేస్తే మధ్యమధ్యలో కుట్టు పడకుండా తప్పిపోతుంది, చాలామంది మిషన్ పాడైందనుకుని రిపేరుకి పంపిస్తారు!

కొలత తీసుకోవడం దగ్గరే సగం గొడవలు తప్పుతాయి. ఆ ప్యాంటుతో ఏ బూట్లు వేసుకుంటారో అవి వేసుకునే నిలబడమనండి. తిన్నగా ముందుకు చూడమనండి. వంగి తన కాళ్ళ వైపు చూసుకుంటే నడుము కదిలి అంచు పైకో కిందకో పోతుంది, తర్వాత పొట్టిగా కుట్టావని మీ మీదకి వస్తారు. రెండు కాళ్ళకీ పిన్ను పెట్టండి, రెండూ సమానంగా ఉండనివాళ్ళు మీరు అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. బెల్టు పెట్టుకునేవాళ్ళయితే బెల్టుతో సహా. కాటన్, డెనిమ్ అయితే ఒకసారి ఉతికిందా అని అడగండి. ఉతకని కాటన్ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, కాబట్టి ఉతికి ఆరేసి తెమ్మని వెనక్కి పంపించినా తప్పులేదు.

ఒక ఫార్మల్ ప్యాంటు తీసుకుందాం. కాలి లోపలి కుట్టు పొడవు 34 అంగుళాలు ఉంది, పిన్ను పెట్టి చూస్తే 31 కావాలి. అంటే 3 అంగుళాలు తగ్గాలి. పాత అంచు కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ అంగుళంన్నర ఉందనుకుందాం, దాన్ని పూర్తిగా సాపు చేసి ఇస్త్రీ చేయండి. పాత మడత గీత కనిపిస్తుంది. దానికి 3 అంగుళాల పైన చాక్‌తో కొత్త మడత గీత గీయండి. ఆ కొత్త గీత కింద ఇప్పుడు మొత్తం నాలుగున్నర అంగుళాల గుడ్డ ఉంటుంది. మళ్ళీ లోపలికి మడవడానికి అంగుళంన్నర ఉంచి మిగతా 3 అంగుళాలు కత్తిరించాలి. కత్తిరించే ముందు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి, లోపలి కుట్టు దగ్గర టేపుతో 31 వచ్చిందో లేదో మళ్ళీ చూడండి. కత్తెర పడ్డాక అతికించే మంత్రం లేదు.

తర్వాత అంచుకి జిగ్‌జాగ్ వేసి, మడిచి, ఇస్త్రీ చేసి, పైకి కనిపించకుండా చేత్తో సన్న కుట్టు వేయాలి. ఇక్కడ ఒక ఇబ్బంది వస్తుంది. కింద సన్నబడే ప్యాంటయితే, మడిచిన భాగం కాలి చుట్టుకొలత కంటే చిన్నదవుతుంది, పైగుడ్డని లాగి ముడతలు పడేలా చేస్తుంది. ముడత ఇస్త్రీకి పోదు. మడతలో ఉండే భాగంలో మాత్రం పక్క కుట్టు విప్పి, గుడ్డని కాస్త బయటికి వదిలి మళ్ళీ కుడితే సరిపోతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు ముదురు రంగు ప్యాంటు మీద తడి గుడ్డ వేసే చేయండి, నేరుగా పెట్టె పెడితే మెరుపు మరక పడుతుంది. కత్తిరించిన ముక్కల్ని కవర్లో పెట్టి కస్టమర్‌కే ఇచ్చేయండి.

జీన్స్‌కి వచ్చేసరికి పక్క కుట్లు కలిసే చోట గుడ్డ చాలా పొరలవుతుంది, మిషన్ పాదం ఎక్కలేక వెనక్కి వాలిపోయి సూది విరుగుతుంది. అక్కడికి వచ్చే ముందు పాదం వెనక వైపు మడిచిన అట్టముక్క పెట్టి ఎత్తు సమం చేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ నెమ్మదిగా దాటించండి.

రేటు దగ్గర అందరూ బోల్తా పడతారు. కుట్టడానికి పావుగంటే పట్టింది కదా అని పావుగంటకే లెక్క కడతారు. నిజానికి పాత కుట్టు విప్పడం 10 నిమిషాలు, గీయడం, కత్తిరించడం 10, జిగ్‌జాగ్ 5, కుట్టు 15, ఇస్త్రీ 10, మొత్తం 50. కస్టమర్ వచ్చి బట్ట మార్చుకుని పిన్నులు పెట్టించుకోవడానికి, తర్వాత తీసుకెళ్ళడానికి కలిపి ఇంకో 20. అంటే ఒక ప్యాంటు 70 నిమిషాలు. మీ దేశంలో గంటకి కనీస వేతనం ఎంతో చూసి దాన్ని 70 నిమిషాలకి లెక్కేస్తే అంతకంటే కిందకి దిగకూడని రేటు వస్తుంది. అదే మనిషి రెండు ప్యాంట్లు తెస్తే ఆ 20 నిమిషాలు రెండింటికీ పంచుకుంటాయి, ఒక్కోటి గంటకి వస్తుంది. అందుకే రెండోదానికి కొంచెం తగ్గించొచ్చు, ఒక్కటే తెచ్చినవాళ్ళకి తగ్గించక్కర్లేదు. తెలిసినవాళ్ళు ‘మనలో మనకి డబ్బులేంటి’ అంటారు, వాళ్ళకి ముందే రేటు చెప్పేయండి.

వద్దనాల్సిన పనులు కూడా తెలిసుండాలి. తోలు, పూసలు కుట్టిన పెళ్ళి బట్టలు, కోటు భుజాలు మొదట్లో ముట్టుకోకండి. నడుము తగ్గించమంటే రెండు అంగుళాల దాకా వెనక మధ్య కుట్టు దగ్గర లాగొచ్చు, అంతకు మించితే వెనక జేబులు రెండూ దగ్గరికి వచ్చేసి చూడటానికి వికారంగా ఉంటుంది. నడుము పెంచమంటే లోపల మిగులు గుడ్డ ఎంతుందో చూశాకే మాట ఇవ్వండి.

వేళల సంగతి మీ చేతిలోనే ఉంటుంది, అయితే గీత మీరే గీసుకోవాలి. బట్టలు తీసుకోవడానికీ ఇవ్వడానికీ వారంలో రెండు సాయంత్రాలు పెట్టుకోండి, ఎప్పుడు పడితే అప్పుడు తలుపు కొట్టనివ్వకండి. బట్ట తీసుకున్నప్పుడే ఫోటో తీసి, ముందే ఉన్న మరకలు, చిరుగులు, కావలసిన కొలత, ఇచ్చే తేదీ చీటీ మీద రాసి ఒకటి వాళ్ళకివ్వండి. ఒకే రంగు దారం వాటిని ఒకేసారి కుడితే దారం మార్చే సమయం మిగులుతుంది. అద్దె ఇంట్లో ఉంటే లీజు ఒకసారి చదవండి, కస్టమర్లు ఇంటికి రావడం మీద ఆంక్షలు ఉంటే ఉంటాయి.

మొదటి పని కోసం ఇంటింటికీ తిరగక్కర్లేదు. పాత బట్టల దుకాణంలో చవకగా దొరికే ప్యాంట్లు కొని, ఒక ఫార్మల్, ఒక జీన్స్, ఒక సాగేది అంచులు కుట్టి పెట్టుకోండి. వాటిని పట్టుకుని సొంత టైలర్ లేని డ్రైక్లీనింగ్ షాపుకి వెళ్ళి చూపించండి. చాలా షాపులు ఆల్టరేషన్లు తీసుకుని బయటివాళ్ళతో చేయిస్తాయి, వచ్చిన దాంట్లో కొంత తాము ఉంచుకుంటాయి. మీకు వచ్చేది తక్కువే, కానీ కస్టమర్‌తో మాట్లాడే ఆ 20 నిమిషాలు మీకుండవు, పిన్నులు వాళ్ళే పెడతారు. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: పిన్ను సరిగ్గా పెట్టక పొట్టి అయిపోతే ఆ నష్టం ఎవరిదని. దీనికి తిన్నగా జవాబు చెప్పని షాపులో బట్టలు తీసుకోకండి.