కోసో ఐదు భాగాలు: మా అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ల లెక్కలో

ప్రశ్న: బీకామ్ పూర్తయ్యాక బెంగళూరులో ఒక కంపెనీ కంట్రోల్స్ టీమ్‌లో చేరి మూడు వారాలైంది. తప్పులూ మోసాలూ జరగకుండా కంపెనీలు పెట్టుకునే కంట్రోల్స్‌కి చట్రం లాంటిది కోసో అని ట్రైనింగ్‌లో చెప్పి, దాని ఐదు భాగాలు వివరించారు. పేర్లు కంఠతా వచ్చాయి కానీ ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. ముఖ్యంగా కంట్రోల్ యాక్టివిటీకీ మానిటరింగ్‌కీ తేడా ఏమిటి? రోజువారీ ఉదాహరణతో ఎవరైనా చెబుతారా?

జవాబు:

నేను బెంగళూరులో ఈ పనిలోనే పదకొండేళ్లుగా ఉన్నాను. ఈ ఐదు భాగాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో నాకు పూర్తిగా తెలిసొచ్చింది మాత్రం 2024 వేసవిలో, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ట్రెజరర్‌గా ఉన్నప్పుడు. కాబట్టి ఆ సంగతే చెబుతాను.

మాది వైట్‌ఫీల్డ్ దగ్గర 84 ఇళ్ల అపార్ట్‌మెంట్. కావేరి కనెక్షన్ లేదు, బోరు నీళ్లే ఆధారం. నెలకు నాలుగైదు ట్యాంకర్లు తెప్పిస్తే సరిపోయేది. ఆ ఏడాది మార్చిలో బోరు పూర్తిగా ఎండిపోయింది. ఏప్రిల్‌కి వచ్చేసరికి రోజుకు మూడు నాలుగు ట్యాంకర్లు వస్తున్నాయి. ఒక్కోటి 12,000 లీటర్లది. బండి రాగానే డ్రైవర్ ఒక చిట్టీ ఇస్తాడు, గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంతకం పెడతాడు. నెలాఖరుకు సప్లయర్ ఆ చిట్టీలన్నీ బిల్లుకు పిన్ను కొట్టి పంపుతాడు. నేను చిట్టీలు లెక్కపెట్టి, రేటుతో గుణించి, డబ్బు కట్టేదాన్ని.

ఆ మార్చిలోనే జిల్లా యంత్రాంగం ట్యాంకర్ రేట్లకు హద్దు పెట్టింది. 12,000 లీటర్లకు ఐదు కిలోమీటర్ల లోపైతే 1,000 రూపాయలు, పది కిలోమీటర్ల లోపైతే 1,200. మా సప్లయర్ సరిగ్గా 1,200 వేశాడు. రేటు ఎక్కువ వేయలేదు కదా అని కమిటీలో అందరం నిశ్చింతగా ఉన్నాం. ఏప్రిల్ బిల్లులో 112 చిట్టీలు, మొత్తం 1,34,400 రూపాయలు. అన్నిటి మీదా సంతకం ఉంది. చెక్కు రాయడానికి కూర్చున్నాను.

చిట్టీలు తిరగేస్తుంటే ఒక చోట ఆగాను. ఒకే తేదీ, ఒక చిట్టీ మీద ఉదయం 9:10, దాని కిందున్న చిట్టీ మీద 9:25. మా సంపుకి గొట్టం పెట్టే నోరు ఒక్కటే. ఒక బండి ఖాళీ కావడానికి ముప్పై అయిదు నిమిషాలు పడుతుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ బండి అడ్డం నిలబడినప్పుడల్లా నా కారు బయటికి తీయడానికి అంతసేపు ఆగాల్సి వచ్చేది. పదిహేను నిమిషాల తేడాతో రెండు బండ్లు ఎలా ఖాళీ అవుతాయి?

సంపు నుంచి పైట్యాంకుకి వెళ్లే పైపుకి ఒక మీటర్ ఉంది. మా ప్లంబర్ రోజూ ఆ రీడింగ్ ఒక చిన్న నోటుబుక్కులో రాస్తాడు. మోటారు బాగా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి రాసుకునే లెక్క అది, ఇంకెవరూ చూసేవాళ్లు కాదు. ఆ పుస్తకం తెప్పించాను. ఏప్రిల్ నెల మొత్తంలో పైకి ఎక్కిన నీళ్లు 11,31,000 లీటర్లు. బిల్లు ప్రకారం సంపులోకి వచ్చినవి 13,44,000 లీటర్లు. తేడా 2,13,000. అంటే దాదాపు 18 ట్యాంకర్లు.

ఇక్కడ తొందరపడి ఎవరి మీదా నింద వేయకూడదు. నెల మొదట్లో సంపు ఖాళీగా ఉండి, నెలాఖరున నిండుగా ఉందేమో. మా సంపు 60,000 లీటర్లది. ఆ మొత్తం తీసేసినా ఇంకా 1,53,000 లీటర్లు మిగులుతాయి, అంటే పన్నెండు ట్యాంకర్లకు పైనే. మీటర్ మూడు శాతం తక్కువ చూపిస్తోందనుకున్నా ఇంకో మూడు ట్యాంకర్లకు మించి సర్దుకోదు. ఎలా చూసినా చిట్టీలు ఎక్కువగానే ఉన్నాయి.

సెక్యూరిటీ అతనిది మదనపల్లె వైపు. అడిగితే ఏమీ దాచలేదు. "మేడమ్, బండ్లు వరసగా వస్తుంటాయి, ఇంకోపక్క గేటు చూసుకోవాలి. చిట్టీలు డ్రైవర్ దగ్గరే ఉంటాయి. డ్యూటీ దిగేముందు అన్నీ కలిపి ఇస్తే సంతకాలు పెట్టేస్తాను. సంతకం అంటే లెక్క చూడాలని నాకెవరూ చెప్పలేదు." అతను చెప్పింది నిజం. ఎవరూ చెప్పలేదు. అంతకు ముందు రెండేళ్లు ట్రెజరర్‌గా ఉన్న పెద్దాయన కూడా సంతకం ఉందో లేదో మాత్రమే చూసేవారు.

ఇప్పుడు మీ ఐదు భాగాలకు వద్దాం. గేటు దగ్గర సంతకం అనేది కంట్రోల్ యాక్టివిటీ. అది 112 చిట్టీల మీదా ఉంది. ఒక్కటి కూడా తప్పిపోలేదు. అయినా డబ్బు పోబోయింది. ఎందుకంటే మిగతా నాలుగూ లేవు.

కంట్రోల్ ఎన్విరాన్‌మెంట్ అంటే ట్రైనింగ్‌లో విలువలు, నిజాయితీ అని చెప్పి ఉంటారు. మా దగ్గర దాని అసలు రూపం ఇది: సంతకం పెట్టేవాడికి ఆ సంతకానికి అర్థం ఏమిటో, దానికి తను ఎందుకు జవాబుదారీయో ఎవరూ చెప్పలేదు. పైగా కమిటీ మీటింగ్‌లో ఎవరైనా ట్యాంకర్ల సంఖ్య ఎత్తితే మా ప్రెసిడెంట్ "నీళ్లు వస్తున్నాయి కదా, ఇప్పుడు అవన్నీ తవ్వకండి" అనేవారు. పైవాళ్లు అలా అన్నాక కిందివాళ్లు లెక్క చూడరు.

రిస్క్ అసెస్‌మెంట్ మీద కాస్త ఎక్కువసేపు ఆగండి, కొత్తవాళ్లు దాటేసేది ఇదే. నెలకు ఐదు ట్యాంకర్లు వచ్చిన రోజుల్లో ఆ సంతకం చాలు. తప్పు జరిగినా ఒక ట్యాంకర్ డబ్బే పోతుంది. ఐదు కాస్తా 112 అయినప్పుడు కంట్రోల్ అలాగే ఉండిపోయింది, రిస్క్ మాత్రం మారిపోయింది. 2013లో సవరించిన కోసోలో 17 సూత్రాలున్నాయి. వాటిలో తొమ్మిదోది సరిగ్గా దీని గురించే: పరిస్థితి మారినప్పుడు దాన్ని గుర్తించి, కంట్రోల్స్ మీద దాని ప్రభావం అంచనా వేయాలి. ఎనిమిదోది మోసానికి ఎక్కడ వీలుందో ఆలోచించమంటుంది. మేమైతే రేటు గురించే భయపడ్డాం. రేటుకు హద్దు పడ్డాక ఎక్కువ వసూలు చేయాలనుకునేవాడికి మిగిలిన దారి సంఖ్య ఒక్కటే అని ఎవరికీ తట్టలేదు.

ఇన్ఫర్మేషన్ అండ్ కమ్యూనికేషన్ సంగతి మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. కావలసిన సమాచారం మా బిల్డింగ్‌లోనే ఉంది, ప్లంబర్ నోటుబుక్కులో. డబ్బు కట్టే నా దగ్గరికి మాత్రం రాలేదు.

ఆ బిల్లు ఆపి, సప్లయర్‌ని కూర్చోబెట్టి రెండు లెక్కలూ చూపించాం. పన్నెండు ట్యాంకర్ల మొత్తం, 14,400 రూపాయలు, తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాడు. మే నుంచి పద్ధతి మార్చాం. ఎన్ని బండ్లు కావాలో ముందు రోజు సాయంత్రం ప్లంబర్ సంపు మట్టం చూసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. బండి ఖాళీ అయి వెళ్లేటప్పుడు సెక్యూరిటీ అతను మా రిజిస్టర్‌లో బండి నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము రాసి, అప్పుడే ఆ ఒక్క చిట్టీ మీద సంతకం పెడతాడు. నెలాఖరున నేను ఆర్డరు, రిజిస్టరు, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసి, మొత్తం లీటర్లను మీటర్‌తో పోల్చి, ఐదు శాతం లోపు తేడా ఉంటేనే చెక్కు రాస్తాను.

ఆఫీసులో మీరు త్రీ వే మ్యాచ్ అని వింటున్నది ఇదే. పర్చేజ్ ఆర్డర్ మా వాట్సాప్ మెసేజ్, గూడ్స్ రిసీట్ మా గేటు రిజిస్టరు, ఇన్వాయిస్ సప్లయర్ బిల్లు. మీ కంపెనీలో శాప్ సాఫ్ట్‌వేర్ ఉంటే సరుకు అందినట్టు `MIGO`లో ఎక్కిస్తారు, బిల్లు `MIRO`లో ఎక్కిస్తారు. సరుకు చూడకుండా, బిల్లు వచ్చాక దాని అంకెల ప్రకారం `MIGO` ఎక్కించారనుకోండి, సిస్టమ్‌లో మ్యాచ్ పక్కాగా కుదురుతుంది. మా సెక్యూరిటీ అతని సంతకాల్లాగే. కాబట్టి శాంపిల్ తీసుకున్నప్పుడు రిసీట్ తేదీ, బిల్లు తేదీ, గేటు ఎంట్రీ తేదీ మూడూ చూడండి. రిసీట్లన్నీ బిల్లు వచ్చిన రోజే పడుతుంటే అక్కడ ఆగి అడగండి.

ఇక మీరు ప్రత్యేకంగా అడిగిన తేడా. నేను చెక్కు రాసేముందు మీటర్‌తో సరిచూడటం మానిటరింగ్ అని చాలామంది అంటారు, ఎందుకంటే అది చూడటానికి పర్యవేక్షణలా ఉంటుంది. కానీ అది ఆ బిల్లులో తప్పు ఉంటే పట్టుకోవడానికి చేసే పని, కాబట్టి కంట్రోల్ యాక్టివిటీయే. మూడు నెలలకోసారి కమిటీలో వేరే సభ్యురాలు, నేను కట్టిన బిల్లుల్లో రెండు తీసి, నేను నిజంగా సరిచూశానా, ఐదు శాతం దాటిన నెల ఏం చేశాను అని అడుగుతుంది. అది మానిటరింగ్. ఒకటి లావాదేవీని చూస్తుంది, రెండోది కంట్రోల్‌ని చూస్తుంది. ఏదైనా కంట్రోల్ ఎందులోకి వస్తుందో తేలకపోతే, "ఇది పట్టుకునేది తప్పు అంకెనా, పనిచేయని కంట్రోల్‌నా?" అని అడిగి చూడండి.

మానిటరింగ్ వల్ల మాకు జరిగింది కూడా చెప్పాలి. ఆగస్టులో ఆ సభ్యురాలు చూసినప్పుడు జూన్ బిల్లు మీద నా టిక్ ఉంది, మీటర్ లెక్క కాగితం మాత్రం లేదు. నేను లెక్క వేశానని నాకు గుర్తుంది. కానీ చూపించడానికి ఏమీ లేదు. ఆడిటర్ దృష్టిలో అది చేయనట్టే లెక్క, నేనే ఆఫీసులో పది మందికి చెప్పే మాట అది. అప్పటి నుంచి లెక్క కాగితం బిల్లుకే పిన్ను కొడుతున్నాం.

కోసో ప్రకారం ఐదు భాగాలూ ఉండాలి, పనిచేస్తుండాలి, కలిసి నడవాలి. ఒక్కటి లేకపోయినా మొత్తం వ్యవస్థ బాగుందని చెప్పడానికి వీల్లేదు. అయితే ఐదూ ఉన్నా పట్టుబడనివి ఉంటాయి. మా ప్లంబరు, సెక్యూరిటీ అతను, డ్రైవర్ ముగ్గురూ కలిసిపోతే రిజిస్టరూ మీటరూ రెండూ ఒకే అబద్ధం చెప్పగలవు. ప్రెసిడెంట్ నా మీద ఒత్తిడి తెచ్చి బిల్లు పాస్ చేయించినా అంతే. అందుకే మీటర్ రీడింగ్ ఫొటో నెలకు రెండు సార్లు, ముందు చెప్పకుండా, నేనే వెళ్లి తీసుకుంటున్నాను.