ఆట మొదలుపెట్టగానే పీఎస్4 హోరు: దుమ్మా, రిపేరా?

ప్రశ్న: "మాది పర్లాకిమిడి. పీఎస్4లో ఆట మొదలైన పావుగంటకే ఫ్యాన్ హోరెత్తుతోంది, ఒక్కోసారి దానంతటదే ఆగిపోతోంది. దుమ్మేనా, రిపేరుకు ఇవ్వాలా?"

రాయగడలో మా అన్నయ్య ఇంట్లో పాత లావు మోడల్ పీఎస్4కు ఇదే జరిగింది కనుక, మేము చూసిన క్రమంలోనే చెబుతాను. ఆ ఇల్లు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉంటుంది. కన్సోల్‌ను మూడు వైపులా మూసిన టీవీ షోకేసులో పెట్టి, పైన అల్లిక గుడ్డ కప్పేవారు.

మొదట దాన్ని బయటకు తీసి, గోడకు కనీసం 10 సెంటీమీటర్ల దూరంలో బల్ల మీద పెట్టి, అదే ఆట ఆడించాము. హోరు కొంత తగ్గింది కానీ పోలేదు. అంటే షోకేసులో బయటికి పోయిన వేడిగాలినే కన్సోల్ మళ్ళీ పీల్చుకుంటోందని తేలింది, లోపల కూడా ఏదో అడ్డు ఉందని అర్థమైంది.

అప్పుడు వెనుక జాలీ దగ్గర అరచెయ్యి పెట్టి చూశాము. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష. ఫ్యాన్ అరుస్తున్నా గాలి బలహీనంగా, బాగా వేడిగా వస్తుంటే, చిప్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుందని అనుకోవచ్చు. గాలి జోరుగా వస్తూ పెద్దగా వేడి లేకపోతే, చిప్ వేడి హీట్‌సింక్‌కు అందడం లేదని, అంటే మధ్యనున్న థర్మల్ పేస్ట్ ఎండిపోయిందని అనుమానించాలి.

మాది మొదటి రకం. ప్లగ్ పీకి, కింది మూత, పవర్ సప్లై తీసిన తరువాత హీట్‌సింక్ కనిపించింది. దాని రేకుల నోటి దగ్గర ఎర్రమట్టి కలిసిన దుమ్ము కంబళి ముక్కలా అతుక్కుని ఉంది. దాన్ని మెత్తని బ్రష్‌తో లాగేసి, మిగిలినదాన్ని గాలి కొట్టి తీశాము. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పవద్దు, ప్లగ్ తీసినా దాని లోపల కరెంటు నిల్వ ఉంటుంది. తిరిగి బిగించాక అదే ఆటకు ఫ్యాన్ సన్నగా వినిపించింది.

మీ కన్సోల్ ఆగిపోయే ముందు వేడెక్కిందని తెరపై హెచ్చరిక వస్తోందో లేదో గమనించండి. హెచ్చరిక వచ్చి, శుభ్రం చేసినా తీరు మారకపోతే పేస్ట్ మార్పించాలి. చిప్ మీద చేయి పెట్టే అలవాటు లేనివారు దాన్ని మెకానిక్‌కే ఇవ్వడం మంచిది. హెచ్చరిక ఏదీ లేకుండా, ఆట నడవనప్పుడు కూడా, టక్కున ఆరిపోతుంటే దుమ్మును అనుమానించకండి. ఇన్వర్టర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు లేకుండా నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడండి. అప్పటికీ ఆరిపోతే పవర్ సప్లై లేదా కన్సోల్ లోపలి మదర్‌బోర్డు దెబ్బతిన్నట్టే కనుక, ఇక ఆడకుండా రిపేరుకు ఇవ్వండి.