మీ లెక్కల మేడమ్‌కి ఏం పెట్టాలి

చిరంజీవి శ్రీనుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా రాత్రి మళ్ళీ ఆలోచించుకున్నాను. మీ లెక్కల మేడమ్‌కి వచ్చే నెలాఖరుకు అరవై రెండేళ్ళు నిండుతున్నాయి, రిటైర్ అవుతున్నారు. మీ పదో తరగతి వాళ్ళంతా కలిసి ఏదైనా ఇవ్వాలనుకున్నారు. ఉంగరమా, వెండి పళ్ళెమా, చీరా అని గ్రూపులో మూడు రోజులుగా వాదన తెగడం లేదు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. నేను రిటైరై తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు నాకు ముప్పై ఒక్క శాలువాలు, పదిహేడు జ్ఞాపికలు, ఆరు గోడ గడియారాలు వచ్చాయి. ఇచ్చిన ప్రతి ఒక్కరూ ప్రేమతోనే ఇచ్చారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ మన గుంటూరు ఎండల్లో శాలువా ఎప్పుడు కప్పుకుంటాను? ఒక బ్యాచ్ పిల్లలు నా ఫొటో ఒక్కటే పెద్దది చేయించి, బంగారు రంగు చట్రం కట్టించి, దానికి ప్లాస్టిక్ పూలదండ కూడా వేసి తెచ్చారు. మా అమ్మ అది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మన ఇళ్ళలో దండ వేసిన ఫొటో ఎవరిదవుతుందో నీకు తెలుసుగా. ఫొటో ఇవ్వాలనుకుంటే పిల్లల మధ్యలో ఆవిడ కూర్చున్న పాత గ్రూప్ ఫొటో ఇవ్వండి.

ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను వాడుతున్నది ఒక్కటే. ఒక బ్యాచ్ వాళ్ళు పెట్టిన వెంకటగిరి నూలు చీర. సన్నటి జరీ అంచు, ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. వాళ్ళు కొనేముందు మీ అక్కకు ఫోన్ చేసి, అమ్మ ఇప్పుడు ఎలాంటివి కడుతోందని అడిగారట. నాకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయని, బరువైన పట్టుచీర కట్టుకుని రిక్షా ఎక్కలేకపోతున్నానని అది చెప్పింది. అంతే, ఆ ఒక్క ప్రశ్నతో వాళ్ళకి ఏం కొనాలో తెలిసిపోయింది.

బంగారం సంగతి ముందే తేల్చేయండి. వద్దు అనే నా మాట. సన్మాన సభ మామూలుగా ఆఖరి పనిరోజునే పెడతారు, అప్పటికి ఆవిడ ఇంకా సర్వీసులోనే ఉంటారు. మన రాష్ట్రంలో 1964 నాటి ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం ఖరీదైన బహుమతి తీసుకోవాలంటే ప్రభుత్వోద్యోగికి అనుమతి కావాలి. హెడ్మాస్టరు, ఎంఈఓ ఎదురుగా వేదిక మీద ఉంగరం పెట్టెను తెరిచి చూపిస్తే ఆవిడ సంతోషపడతారా, ఇబ్బంది పడతారా? పైగా మీ తర్వాతి బ్యాచ్ వాళ్ళు అంత పెట్టలేకపోతే చిన్నబోతారు. ఇంతా విని కూడా మీవాళ్ళు పట్టుబడితే, రిటైరైన తర్వాత ఇంటికి వెళ్ళి ఇవ్వండి. 916 ముద్ర, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉన్న నగే తీసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి ఆ సంఖ్య తప్పనిసరి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ నగ వివరాలు వస్తాయి.

ఇక చీర. ఇక్కడే నువ్వు చెప్పిన ఒక మాట నన్ను బాగా కలవరపెట్టింది. మేడమ్ వాళ్ళాయన రెండేళ్ళ క్రితం పోయారని, అందుకని చీర పెట్టొచ్చా, పెడితే తెల్లదా, లేత రంగుదా అని గ్రూపులో ఆడపిల్లలు గుసగుసలాడుకుంటున్నారని అన్నావు. నేను రిటైరయ్యే నాటికి మీ పెదనాన్న కూడా లేరు. ఆ సభలో వేదిక మీద రెండు కుర్చీలు వేశారు, రిటైరయ్యేవాళ్ళని దంపతులుగా కూర్చోబెట్టడం అలవాటు కదా. నేను మెట్లెక్కుతుండగా ఎవరో మరొకరి చెవిలో ఏదో చెప్పారు, వెంటనే ఒకాయన వచ్చి రెండో కుర్చీ తీసేశాడు. తర్వాత బొట్టు పెట్టాల్సిన అమ్మాయి కుంకుమ భరిణె పట్టుకుని నా ముందు ఒక్క క్షణం ఆగింది. ఎవరూ చెడు తలపెట్టలేదు. కానీ ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆఖరి రోజు అనగానే నాకు ఇప్పటికీ ఆ కుర్చీ, ఆ భరిణె దగ్గర ఆగిన చెయ్యే ముందు గుర్తొస్తాయి.

అందుకని మేడమ్ ఏం కట్టుకోవాలో మీరు తేల్చకండి. మొన్న ఆగస్టు పదిహేనుకి బడిలో తీసిన ఫొటోలు చూడండి, ఆవిడ ఇప్పుడు ఏ రంగులు కడుతున్నారో, బొట్టు పెట్టుకుంటున్నారో లేదో అందులోనే ఉంటుంది. ఆ తర్వాత వాళ్ళమ్మాయిని అడగండి. రంగు ఒక్కటే అడిగితే చాలదు, పట్టు కడుతున్నారా, నూలా, బరువు ఓపగలరా అని కూడా అడగాలి. ముదురు ఆకుపచ్చ కడుతున్న మనిషికి మీరు గంధం రంగు పట్టుకెళ్తే, ఆవిడ ఎంత కష్టపడి దాటివచ్చిందో ఆ గీత వెనక్కే మళ్ళీ నెట్టినట్టవుతుంది. వేదిక మీద రెండో కుర్చీ ఖాళీ చేయించకండి. వాళ్ళమ్మగారు ఎనభై దాటి ఆవిడ దగ్గరే ఉంటున్నారన్నావు కదా, ఆ కుర్చీ ఆవిడది. తల్లికీ ఒక మెత్తటి నూలు చీర పెట్టండి.

రకాల విషయానికొస్తే, ధర్మవరం పెళ్ళి పట్టు అరవై దాటినవాళ్ళకి బరువు. నాలుగుసార్లు కట్టి బీరువాలో పెట్టేస్తారు. గద్వాల చీర నాకు నచ్చుతుంది, ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు కాబట్టి పండగకీ బాగుంటుంది, ఉక్కా పోయదు. పట్టే కావాలని కూతురు చెబితే ఉప్పాడ చూడండి, అది తేలిక. ఉప్పాడ జాంధానీలో బుటా తిరగేసి చూసినా దాదాపు అలాగే శుభ్రంగా ఉంటుంది. వెనకవైపు పోగులు వేలాడుతున్నా, కత్తిరించిన కొసలు గుచ్చుకుంటున్నా అది మిషన్ పని. పట్టుకి సిల్క్ మార్క్ చీటీ, నేతకి హ్యాండ్లూమ్ మార్క్ అడగండి. అనుమానమొస్తే కొంగు చివర కుచ్చులోంచి ఒక పోగు తీసి కాల్చమను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. కరిగి గట్టి ముద్దయితే అది పట్టు కాదు. నిజాయితీగల కొట్టువాడు దీనికి అడ్డు చెప్పడు.

డబ్బు దగ్గర మీవాళ్ళలో మాట పట్టింపులు వస్తాయి, జాగ్రత్త. మీ తరగతిలో నలభై ఒక్క మంది. ఇద్దరు పోయారు, ఐదుగురి జాడ తెలియలేదు, మిగిలిన ముప్పై నాలుగు మందిలో ఆటో నడిపేవాడూ ఉన్నాడు, అమెరికాలో ఉన్నవాడూ ఉన్నాడు. అందరికీ ఐదు వందలే పెట్టండి, మొత్తం పదిహేడు వేలు వస్తాయి. మేడమ్ చీరకి ఏడున్నర వేలు, అమ్మగారి చీరకి రెండు వేలు, నేను కింద చెప్పబోయే పుస్తకానికి రెండున్నర వేలు, పూలూ పళ్ళూ స్వీట్లకి రెండు వేలు, ఆ రోజు ఆవిడనీ సామాన్లనీ ఇంటికి చేర్చే కారుకి మూడు వేలు. సరిపోతుంది. అమెరికా అబ్బాయి ఇరవై వేలు పంపుతానంటే భోజనాల ఖర్చుకి తీసుకోండి, బహుమతిలో మాత్రం కలపకండి. కలిపితే అది అతని బహుమతి అయిపోతుంది, మిగతావాళ్ళు పక్కన నిలబడ్డవాళ్ళవుతారు. ఎవరైనా ఐదు వందలు కూడా ఇవ్వలేకపోతే నువ్వొక్కడివే తెలుసుకుని సర్దు, గ్రూపులో లిస్టు పెట్టకు. మైకులో ఎవరు ఎంతిచ్చారో చదవనివ్వకు.

పుస్తకం అంటే, ఒక్కొక్కరూ ఒక పేజీ చేత్తో రాసి ఇవ్వాలి. దూరాన ఉన్నవాళ్ళు రాసిన కాగితాన్ని స్కాన్ చేసి పంపితే ప్రింటు తీయించవచ్చు. "మీరు మాకు దేవత" లాంటివి రాయొద్దని గట్టిగా చెప్పు. జరిగిన ఒక్క సంగతి రాయమను. త్రికోణమితి రాక ఏడ్చిన రోజు ఆవిడ ఏమన్నారో, ఫీజు కట్టలేనప్పుడు ఏం చేశారో, ఎవరిని ఎందుకు బెంచీ ఎక్కించారో. దెబ్బలు తిన్నవాళ్ళు ఉంటే అదీ రాయనివ్వండి, ఆవిడ మరిచిపోయి ఉండరు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ఈ వయసులో కళ్ళద్దాలతో కూడా సన్నరాత చదవలేం.

ఆ పేజీలని హోదాని బట్టి పేర్చకండి. డాక్టరు ముందు, కూలీ వెనక అయితే ఆవిడకి బాధగా ఉంటుంది. హాజరు పట్టీలో ఉన్న వరసలో పెట్టండి. ఆవిడ ఏడాదంతా రోజూ పిలిచింది ఆ వరసలోనే. పాత హాజరు పట్టీలు చాలా బళ్ళలో మిగలవు, అడ్మిషన్ రిజిస్టర్ మాత్రం ఉంటుంది. హెడ్మాస్టరుని అడిగి పేర్లు రాసుకుని, వరస మీలో మీరు గుర్తుచేసుకోండి. పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడపిల్లలకి పాత ఇంటిపేరే వేయించు, లేకపోతే ఎవరో ఆవిడ పోల్చుకోలేరు. పోయిన ఇద్దరి పేర్లూ వాళ్ళ నంబరు దగ్గరే ఉండాలి. వాళ్ళ పేజీ వాళ్ళమ్మానాన్నలనో, పక్క బెంచీవాడినో రాయమనండి. జాడ తెలియని ఐదుగురికి పేరు మాత్రం వేసి పేజీ ఖాళీగా వదలండి. తర్వాత దొరికితే వాళ్ళే వచ్చి రాస్తారు.

చివరిగా ఎప్పుడు ఇవ్వాలన్నది. చీరని వేదిక మీద ఇవ్వకండి. శాలువాల గుట్టలో అదీ ఒకటైపోతుంది, బొట్టు దగ్గర మళ్ళీ అదే తడబాటు వస్తుంది. నెలాఖరుకి పదిహేను రోజుల ముందు వచ్చే ఆదివారం సాయంత్రం ఇంటికి వెళ్ళండి. నలుగురు చాలు, అందులో ఇద్దరు ఆడపిల్లలు ఉండాలి. పళ్ళెంలో చీరా పళ్ళూ పెట్టి, ముందు పెద్దావిడ చేతికి అమ్మ చీర, ఆ తర్వాత మేడమ్‌కి ఆవిడ చీర ఇచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టండి. ఆ రోజే కట్టుకోవాలని అడగకండి. కట్టుకోవాలనిపిస్తే ఫాల్ వేయించి, జాకెట్టు కుట్టించుకోవడానికి వ్యవధి ఉంటుంది. మీ ఊరి దర్జీ వారం అంటే పది రోజులు చేస్తాడని నువ్వే చెప్పావు. సభలో పుస్తకం ఒక్కటి చాలు. అది కూడా అందించి వచ్చేయండి, ఆవిడ చేత వేదిక మీద చదివించకండి.

గద్వాల కొంటే బిల్లు జాగ్రత్త చెయ్యి, వాళ్ళమ్మాయి మార్చమంటే కావాలి. ఫొటో తీసి నాకోసారి పంపించు.

ఇట్లు,
పెద్దమ్మ