పన్నెండు వీపీసీల ప్రశ్నకు జవాబు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. క్లౌడ్ నెట్‌వర్క్ ఇంజినీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, ‘పన్నెండు వీపీసీలను ఒకదానితో ఒకటి కలపాలి. పీరింగ్ వాడతారా, ట్రాన్సిట్ గేట్‌వే వాడతారా?’ అని అడిగారు. సంఖ్య ఎక్కువ కాబట్టి ట్రాన్సిట్ గేట్‌వే అన్నాను. ‘అంతేనా?’ అన్నారు. నాకు ఇంకేమీ తోచలేదు. ఏం చెప్పాల్సింది సార్? దీనికి ఎలా తయారవ్వాలి?

జవాబు: మీరు చెప్పింది తప్పు కాదు. కానీ ఆ మాట ఎవరైనా చెబుతారు. వీపీసీ అంటే క్లౌడ్‌లో మనకంటూ విడిగా ఉండే ప్రైవేట్ నెట్‌వర్క్, పీరింగ్ అంటే అలాంటి రెండింటిని నేరుగా కలపడం. పన్నెండింటిలో ప్రతి ఒక్కటీ మిగతా అన్నింటితో మాట్లాడాలంటే 66 పీరింగ్‌లు కావాలి. ఒక్కో పీరింగ్‌కు రెండు వైపులా రూట్లు రాయాలి కాబట్టి తక్కువలో తక్కువ 132 రూట్లు. ఇంతవరకు లెక్కే. ఇంటర్వ్యూ చేసేవారు ఎదురుచూసేది ఆ తర్వాతి ప్రశ్నను, అదీ మీ నోటి నుంచి: ‘అసలు ఎవరు ఎవరితో మాట్లాడాలి?’

పదకొండు వీపీసీలకు కావాల్సింది పన్నెండోదానిలో ఉన్న లాగిన్ సర్వీసు, లాగ్ సర్వర్ మాత్రమే అనుకోండి. అప్పుడు 66 కాదు, 11 పీరింగ్‌లు చాలు. పీరింగ్‌కు గంటల లెక్కన అద్దె లేదు. మధ్యలో మరో మజిలీ కూడా లేదు. ఇలాంటి చోట ట్రాన్సిట్ గేట్‌వే పెడితే, ఒక్కో వీపీసీని దానికి తగిలించే ప్రతి అటాచ్‌మెంటుకు గంటకు ఇంతని, దాని గుండా వెళ్లే ప్రతి జీబీకి ఇంతని ఊరికే కట్టినట్టే.

ఈ బొమ్మ చెడేది ఎక్కడంటే, ఆ పన్నెండో వీపీసీ గుండా అవతలికి వెళ్లాలని ఎవరైనా కోరినప్పుడు. పీరింగ్ ఆ పని చేయదు. ఎ-బి, బి-సి మధ్య పీరింగ్ ఉన్నంత మాత్రాన ఎ నుంచి సి కి దారి పడదు. బి లోని ఇంటర్నెట్ గేట్‌వేనో, ఆఫీసుకు వెళ్లే వీపీఎన్‌నో ఎ వాడుకోవడానికీ కుదరదు. ఆఫీసు డేటా సెంటర్‌కు ఒకే వీపీఎన్ ఉంచి పన్నెండు వీపీసీలూ దాన్నే వాడాలన్నా, ట్రాఫిక్ అంతా ఒకే ఫైర్‌వాల్ గుండా పోవాలన్నా మధ్యలో రూటర్ పని చేసేది ఒకటి ఉండాలి. ఏడబ్ల్యూఎస్ 2018 చివర్లో తెచ్చిన ట్రాన్సిట్ గేట్‌వే చేసేది ఆ పనే. కాబట్టి సంఖ్య కంటే ముందు చెప్పాల్సిన కారణం ఇది.

రెండో విషయం, చాలామంది అభ్యర్థులు వదిలేసేది: ఎవరిని ఎవరితో మాట్లాడనివ్వకూడదు? ట్రాన్సిట్ గేట్‌వేని డిఫాల్ట్ సెట్టింగులతో సృష్టిస్తే ప్రతి అటాచ్‌మెంటూ ఒకే రూట్ టేబుల్‌కు చేరుతుంది, తన అడ్రసులను అందులోనే ప్రకటిస్తుంది. అంటే డెవలప్‌మెంట్ వీపీసీ నుంచి ప్రొడక్షన్ డేటాబేసు వరకు గేట్‌వేలో దారి సిద్ధం. వీపీసీ రూట్లు, సెక్యూరిటీ గ్రూపులు అడ్డుకుంటే సరి, లేకపోతే లేదు. పీరింగ్‌లో ఈ బెడద తక్కువ, ఎవరో కూర్చుని కలిపితే తప్ప రెండు వీపీసీలు కలవవు. అందుకే ఆ డిఫాల్ట్‌లను ఆపేసి డెవ్‌కు ఒకటి, ప్రాడ్‌కు ఒకటి, ఉమ్మడి సర్వీసులకు ఒకటి చొప్పున మూడు రూట్ టేబుళ్లు పెడతారు. డెవ్, ప్రాడ్ టేబుళ్లు రెండింటిలోనూ ఉమ్మడి వీపీసీ అడ్రసు మాత్రమే ఉంటుంది. ఉమ్మడి టేబుల్‌లో అందరి అడ్రసులూ ఉంటాయి. ఇక్కడ రెండు మాటల తేడా పట్టుకోండి. ఒక అటాచ్‌మెంటు నుంచి వచ్చిన ప్యాకెట్ ఏ టేబుల్ చూడాలో చెప్పేది అసోసియేషన్. ఆ అటాచ్‌మెంటు అడ్రసు ఏయే టేబుళ్లలో కనిపించాలో చెప్పేది ప్రొపగేషన్. కాగితం మీద మూడు డబ్బాలు గీసి ఈ తేడా చూపించగలిగితే ‘అంతేనా?’ అనే ప్రశ్న రాదు.

ఇక నిజం ఉద్యోగంలో ఎక్కువగా కనిపించేది రెండూ కలిపిన ఏర్పాటు. ఒక వీపీసీ 10.1.0.0/16, అనలిటిక్స్ వీపీసీ 10.3.0.0/16 అనుకుందాం. ఈ రెండింటి మధ్య రోజూ టెరాబైట్లలో డేటా కదులుతుంది. అదంతా ట్రాన్సిట్ గేట్‌వే గుండా పోతే జీబీ లెక్కన బిల్లు పడుతూనే ఉంటుంది. అందుకని మిగతావాటిని గేట్‌వే మీదే ఉంచి, ఈ జంటకు మాత్రం నేరుగా పీరింగ్ వేస్తారు. మొదటి వీపీసీ రూట్ టేబుల్ ఇలా ఉంటుంది:

```
10.1.0.0/16   local
10.3.0.0/16   pcx-1111
10.0.0.0/8    tgw-2222
```

ఎక్కువ నిర్దిష్టమైన రూటు గెలుస్తుంది కాబట్టి 10.3కు వెళ్లేది పీరింగ్ మీదుగా, మిగతా 10.x అంతా గేట్‌వే మీదుగా పోతుంది. చూడటానికి ఇంతే. తిప్పలు వచ్చేది అవతలి వైపు రూటు రాయడం మరచిపోయినప్పుడు. వెళ్లేది పీరింగ్‌లో, తిరిగివచ్చేది గేట్‌వేలో పడుతుంది. మధ్యలో ఏ ఫైర్‌వాలూ లేకపోతే అంతా పని చేస్తూనే ఉంటుంది, బిల్లు మాత్రం అనుకున్నంత తగ్గదు. గేట్‌వే దారిలో స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ ఉంటే అది సంభాషణలో సగమే చూస్తుంది, మొదలు తెలియని ప్యాకెట్లను పారేస్తుంది, కనెక్షన్ తెగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘గేట్‌వే రూటు ఉంది కదా, ట్రాఫిక్ దానికదే అటు మళ్లుతుంది’ అనుకుని ఎవరో పీరింగ్‌ను తీసేస్తారు. మళ్లదు. ఆ 10.3 రూటు టేబుల్‌లోనే `blackhole` అన్న స్థితిలో మిగిలిపోతుంది. నిర్దిష్టమైనది అదే కాబట్టి ప్యాకెట్లు అందులోనే పడి మాయమవుతాయి. ఆ వరసను చేత్తో తీసేసే దాకా గేట్‌వే రూటుకు వంతు రాదు.

ఇలాంటప్పుడు ఎక్కడ వెతకాలో చెప్పడం కూడా జవాబులో భాగమే. ఫ్లో లాగ్‌లలో `REJECT` కనిపిస్తే తప్పు సెక్యూరిటీ గ్రూపులోనో, నెట్‌వర్క్ ఏసీఎల్‌లోనో ఉంది. గమ్యం దగ్గర `ACCEPT` ఉండి, పంపినవాడి దగ్గర తిరుగు ప్యాకెట్ల జాడ లేకపోతే ముందు తిరుగు దారి రూట్లు చూడండి.

రెండు వీపీసీల అడ్రసులు ఒకదానిమీద ఒకటి పడితే పీరింగ్, ట్రాన్సిట్ గేట్‌వే రెండూ ఆదుకోవు. పీరింగ్ అయితే మొదట్లోనే కుదరదంటుంది. ట్రాన్సిట్ గేట్‌వే ఇంకా ప్రమాదకరం: ఒకే సీఐడీఆర్ అడ్రసు శ్రేణి ఉన్న రెండో వీపీసీని కూడా అటాచ్ చేసుకుంటుంది, దాని రూటును మాత్రం ప్రొపగేట్ చేయదు. స్క్రీన్ మీద అంతా పచ్చగా కనిపిస్తుంది, ప్యాకెట్ ఒక్కటీ అందదు.

తయారీకి కోర్సుల కోసం వెతకనక్కరలేదు. మూడు చిన్న వీపీసీలు, ఒక్కోదానిలో ఒక చిన్న మెషిన్ పెట్టండి. సెక్యూరిటీ గ్రూపులో ఐసీఎంపీకి అనుమతి ఇవ్వండి, లేకపోతే పింగ్ ఆగింది రూటు వల్లో, గ్రూపు వల్లో తెలియక తికమకపడతారు. ముందు ఎ-బి, బి-సి పీరింగ్ వేసి ఎ నుంచి సి కి పింగ్ ఆగడం చూడండి. తర్వాత అదే మూడింటిని ట్రాన్సిట్ గేట్‌వేకి కలిపి, ఎ నుంచి సి కి పింగ్ వెళ్లాక, రూట్ టేబుళ్లు విడదీసి దాన్ని మళ్లీ ఆపండి. చివరగా పైన చెప్పిన పీరింగ్ రూటు చేర్చి, పీరింగ్‌ను మాత్రం తొలగించి `blackhole` ను కళ్లారా చూడండి. పని ముగిశాక అటాచ్‌మెంట్లను, గేట్‌వేను తొలగించండి. ప్యాకెట్ ఒక్కటి కదలకపోయినా అటాచ్‌మెంటు గంటల మీటరు తిరుగుతూనే ఉంటుంది.

రెజ్యూమెలో ‘ట్రాన్సిట్ గేట్‌వే తెలుసు’ అని రాయకండి. ఈ ప్రయోగపు రూట్ టేబుళ్లనూ, ఏ రూటు తీసేస్తే ఏ పింగ్ ఆగిందో రాసుకున్న ఒక పేజీనీ ప్రాజెక్టుగా పెట్టండి. అజ్యూర్, గూగుల్ క్లౌడ్‌లు వాడే సంస్థకు వెళ్లినా అది పనికొస్తుంది. అక్కడ పేర్లూ పరిమితులూ వేరు కానీ, పీరింగ్ మూడో నెట్‌వర్క్‌కు దానంతటది దారి ఇవ్వదన్న నియమం అక్కడా ఉంది.